చేసిన మేలు

మన ఇళ్లలో నిశ్చితార్థం రోజున పురోహితుడు లగ్నపత్రిక రాస్తాడు. నాలుగు మూలలా పసుపు అద్ది, రెండు వైపుల గోత్రాలూ పెద్దల పేర్లూ చెప్పి, వచ్చినవాళ్లందరికీ వినపడేలా చదువుతాడు. ఫలానా వారి అబ్బాయికి ఫలానా వారి అమ్మాయిని ఇస్తున్నాం, వినండి అని పదిమందికీ చెప్పడమే ఆ చదవడంలోని పరమార్థం. తాంబూలాలు చేతులు మారాక, ఇక ఆ సంగతి ఊరందరిదీ అవుతుంది.

చట్టంలోనూ ఇలాంటి పత్రిక ఒకటి ఉంది. వేర్వేరు మతాలవాళ్లు ఎవరి మతంలో వాళ్లు ఉంటూనే పెళ్లి చేసుకోవాలంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం దారి చూపిస్తుంది. ఆ దారిలో మొదటి మెట్టు ఒక నోటీసు. పెళ్లి చేసుకోదలచాం అని ఇద్దరూ సంతకం పెట్టి రిజిస్ట్రారు ఆఫీసులో ఇవ్వాలి. చట్టం వెనక దానికో నమూనా ఉంది. పేరు, ఇంతకుముందు పెళ్లయిందా లేదా, వృత్తి, వయసు, ఇప్పుడుంటున్న చోటు, సొంతూరు, ఇక్కడికి వచ్చి ఎన్నాళ్లయింది, అంతే. ఆ నమూనాలో గోత్రానికి గడి లేదు, తల్లిదండ్రుల పేర్లకూ లేదు. ఆ కాగితాన్ని ఆఫీసు పుస్తకంలో ఎక్కించి, నకలు ఒకటి అందరికీ కనపడేచోట అంటిస్తారు. అక్కణ్నుంచి 30 రోజులు ఆగాలి.

నేను విజయవాడలో వకీలును. ఇలాంటి జంటల కాగితాలు చూస్తుంటాను. అలాంటి ఒక జంట నా దగ్గరకొచ్చిన రోజు గుమ్మంలోనే నిలబడి, ముందు నువ్వెళ్లు అంటే నువ్వెళ్లు అని కాసేపు గుసగుసలాడుకున్నారు. చివరికి ఇద్దరూ ఒకేసారి లోపలికి అడుగుపెట్టబోయి తలుపులో భుజాలు తగిలించుకున్నారు. అమ్మాయిది నరసరావుపేట, క్రైస్తవుల ఇల్లు. అబ్బాయిది బందరు, హిందువుల ఇల్లు. ఉద్యోగాలు ఇద్దరివీ ఇక్కడే. ఏ పని మీద వచ్చారని అడిగితే అబ్బాయి గొంతు సవరించుకున్నాడు. అమ్మాయి నా బల్ల మీది పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. ఆ మూత నాలుగైదుసార్లు తెరుచుకుని మూసుకున్నాక, "మేం... అదే మేడమ్, మేం..." అని ఆగిపోయింది. మిగతాది నేనే పూర్తిచేయాల్సి వచ్చింది. ఇద్దరి ముఖాలూ వెలిగిపోయాయి. అంత సంతోషాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియక తలలు దించుకున్నారు.

ఇంతకన్నా తేలిక దారులు లేకపోలేదు. ఒకరు మతం మార్చుకుంటే అదే వారంలో పెళ్లయిపోతుంది. ఆ మాట నేను చెప్పకముందే అబ్బాయి అన్నాడు, "తను ఆదివారం చర్చికి వెళ్తుందండి. నేను శనివారం గుడికి వెళ్తాను. అలాగే ఉండిపోవాలని మా కోరిక." ఈ చట్టం పుట్టిందే ఆ కోరిక కోసం. అందుకే నాకు వాళ్లంటే ఆ నిమిషంలోనే ఇష్టం ఏర్పడింది.

చట్టంలోని మరో సంగతి కూడా అతనికి చెప్పాను. ఉమ్మడి కుటుంబంలోని హిందువు ఈ చట్టం కింద ఇతర మతస్థురాలిని పెళ్లాడితే ఆ ఉమ్మడి నుంచి విడిపోయినట్టే లెక్క. 19వ సెక్షన్ ఆ మాటే చెబుతుంది. అతనికి రావలసిన వాటా ఎక్కడికీ పోదు. కానీ తండ్రితో, అన్నదమ్ములతో కలిసి ఒకే కుటుంబం అన్న లెక్క పెళ్లి నాటితో ముగుస్తుంది. అది విని అతను కాసేపు కిటికీలోంచి బయటకు చూశాడు. "నాకు అరెకరం ముక్క గురించి బెంగ లేదండి, విడిపోయినట్టు అన్న మాటే..." అని మిగతాది మింగేశాడు. అమ్మాయి చెయ్యి చాచి అతని చొక్కా మోచేతి దగ్గర ముడతను సవరించింది. నేను చూస్తున్నానని గుర్తొచ్చి వెంటనే చెయ్యి వెనక్కు తీసుకుంది.

కాగితాల పని పెద్ద కష్టం కాలేదు. నోటీసిచ్చే ముందు ఇద్దరిలో ఒక్కరైనా కనీసం 30 రోజులుగా ఆ జిల్లాలో ఉంటూ ఉండాలి. ఆమె ఉంటున్న హాస్టల్‌వాళ్లు నివాసం ఉన్నట్టు కాగితం రాసివ్వబోమన్నారు. ఫర్వాలేదు, ఒక్కరిది చాలు. అతని అద్దె ఒప్పందం ఉంది. వయసుకు ఇద్దరి పదో తరగతి మార్కుల జాబితాలు ఉన్నాయి. అబ్బాయికి 21, అమ్మాయికి 18 దాటితే చాలన్నది చట్టం. వీళ్లిద్దరూ ఎప్పుడో దాటేశారు.

అసలు చిక్కంతా సొంతూరి గడిలో ఉంది. నోటీసు తీసుకున్న జిల్లాలో ఇద్దరిలో ఎవరికైనా శాశ్వత నివాసం లేకపోతే, వాళ్ల సొంత జిల్లా అధికారికీ ఒక నకలు వెళ్తుంది. అక్కడి ఆఫీసులోనూ దాన్ని అంటిస్తారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది, బందరు కృష్ణాలో ఉండిపోయింది, నరసరావుపేట పల్నాడుకు కేంద్రమైంది. అంటే వీళ్ల కాగితం మూడు చోట్ల గోడెక్కుతుంది. ఇక్కడ ఎవరూ పట్టించుకోకపోవచ్చు. అక్కడ మాత్రం స్థలం రిజిస్ట్రేషన్‌కు వచ్చిన దూరపు చుట్టమో, గుమ్మం పక్కన దస్తావేజులు రాసుకునే ఇంటిపక్కాయనో ఇంటిపేరు చూడగానే గుర్తుపడతాడు.

ఈ మాట చెప్పినప్పుడు అమ్మాయి పెన్ను మూత పెట్టడం మానేసింది. "ఇంట్లో ఇంకా చెప్పలేదు మేడమ్. చెబితే ఏమవుతుందో తెలుసు" అంది. ఏమవుతుందని నేను అడగలేదు. ఆమె అక్క విషయంలో ఏం జరిగిందో అబ్బాయి తర్వాత ఒక్క ముక్కలో చెప్పాడు. ఆ పిల్లను ఉద్యోగం మాన్పించి ఇంటికి తీసుకుపోయి, నెల తిరక్కుండా వేరే సంబంధం చేసేశారట. బందరులో మాత్రం ఏం తక్కువ? ఈ ఊసు వచ్చిన ప్రతిసారీ వాళ్లమ్మ అన్నం మానేసేదట.

నోటీసు మీద అభ్యంతరం ఎవరైనా చెప్పవచ్చు. ఆఫీసుకు వచ్చి, రాతపూర్వకంగా ఇచ్చి, సంతకం పెట్టాలి. కానీ ఏ కారణం పడితే ఆ కారణం చెల్లదు. ఇద్దరిలో ఒకరికి బతికున్న భార్యో భర్తో ఉండాలి, లేదా సమ్మతి చెప్పగల మానసిక స్థితి లేకుండా ఉండాలి, లేదా వయసు చాలకపోవాలి, లేదా పెళ్లి చేసుకోకూడని దగ్గరి వరస కావాలి. మాకిష్టం లేదు, మా పరువు పోతుంది, మా మతం కాదు అన్నవి ఆ నాలుగింటిలో ఎక్కడా లేవు. అభ్యంతరం వస్తే అధికారి 30 రోజుల్లోగా విచారించి తేల్చాలి. సదుద్దేశం లేకుండా అడ్డం పడ్డారని తేలితే వాళ్ల మీద వెయ్యి రూపాయల దాకా ఖర్చులు కూడా వేయవచ్చు.

కాబట్టి అభ్యంతరం రాసిచ్చేవాళ్ల గురించి నాకెప్పుడూ దిగులు లేదు. రాసిచ్చినవాడు చట్టంలోకి అడుగుపెట్టినట్టే, అతనికి జవాబు చెప్పడం నా పని. నా భయమంతా రాయకుండా వచ్చేవాళ్ల గురించే. ఈ ముప్పై రోజుల్లో ఏం జరుగుతుందో చాలా జంటల విషయంలో చూశాను. ముందు ఒక ఫోన్ వస్తుంది. "అమ్మకు బాగాలేదు, ఒక్కసారి వచ్చి చూసి వెళ్లు" అంటారు. వెళ్లిన పిల్ల ఫోన్ ఆ సాయంత్రం నుంచి మోగదు. లేదంటే తెల్లవారుజామున హాస్టల్ ముందు కారు ఆగుతుంది. బాబాయిలు, మేనమామలు, ఊరి పెద్ద ఒకాయన దిగుతారు. లేదంటే అమ్మాయి కనపడటం లేదని స్టేషన్‌లో ఫిర్యాదు పడుతుంది. ఇవేవీ నోటీసు పుస్తకంలోకి ఎక్కవు. గడువు ముగిసే రోజు ఆఫీసులో అబ్బాయి ఒక్కడే కూర్చుని ఉంటాడు, అంతే. నోటీసిచ్చిన మూడు నెలల్లోగా పెళ్లి జరగకపోతే ఆ నోటీసు చెల్లదు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఆ మళ్లీ మొదలుపెట్టినవాళ్లు నాకు తెలిసి చాలా తక్కువ.

ఈ గోడకంటించే పద్ధతి తప్పనిసరి కాదు, జంట కోరుకుంటేనే చేయండి అని అలహాబాద్ హైకోర్టు 2021 జనవరిలో తీర్పు చెప్పింది. అది ఆ రాష్ట్రం వరకే. నా దగ్గరికొచ్చే పిల్లల పేర్లు గోడమీదికి ఎక్కుతూనే ఉన్నాయి. పెళ్లికి మతం మార్చుకున్నవాడికి లేని ఈ నెలరోజుల పరీక్ష, ఎవరి మతాన్ని వాళ్లు గౌరవించుకున్నవాళ్లకు ఎందుకు పెట్టాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

చేయగలిగినవి చేశాం. నోటీసు నకలు జతచేసి, మేం ఇష్టపూర్వకంగా పెళ్లి చేసుకోబోతున్నాం, మాలో ఎవరూ తప్పిపోలేదు, ఎవరూ ఎత్తుకుపోలేదు అని ఇద్దరి సంతకాలతో పోలీస్ స్టేషన్‌లో ముందుగానే ఒక అర్జీ ఇప్పించాను. ఇలాంటి జంటలకు రక్షణ కల్పించాలని సుప్రీంకోర్టు 2018లో శక్తివాహిని కేసులో గట్టిగా చెప్పింది. ఆ తీర్పు పేరు అర్జీలో రాస్తే స్టేషన్‌లో వినే తీరు కాస్త మారుతుంది. ఎవరు ఎంత ఏడ్చి పిలిచినా గడువు ముగిసేదాకా ఊరు దాటవద్దని, తప్పకపోతే నాకు చెప్పి, నన్ను వెంటపెట్టుకునే వెళ్లమని అమ్మాయికి చెప్పాను.

మొదటి వారం బానే గడిచింది. రెండో వారంలో ఒక రాత్రి ఆమె ఫోన్ చేసింది. నరసరావుపేట ఆఫీసు గోడ మీది కాగితాన్ని ఎవరో ఫోటో తీశారు. అది చేతులు మారి మారి వాళ్ల నాన్నగారి ఫోన్‌కు చేరింది. మర్నాడు పొద్దున్నే ఆయన స్వయంగా ఆఫీసుకు వెళ్లి, బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డారట. చూసినవాళ్లు చెప్పారు. "ఏమన్నారమ్మా?" అని అడిగాను. "ఏమీ అనలేదట మేడమ్. నాకు ఫోన్ కూడా చేయలేదు" అంది. ఆ వారం చివర్లోనే బందరులోనూ తెలిసింది. అబ్బాయి వాళ్ల మేనమామ ఆఫీసుకు వెళ్లి, ఇది మా పిల్లవాడిదేనా అని గుమాస్తాతో తేదీతో సహా సరిచూసుకుని వచ్చాడట.

అప్పట్నుంచి నాకు నిద్ర సరిగా పట్టలేదు. ఫోన్ మోగితే చాలు, ముందు ఆమె పేరు కోసమే చూసేదాన్ని. రోజూ సాయంత్రం ఏడింటికి ఇద్దరూ చెరో సందేశం పెట్టాలన్నది మేం పెట్టుకున్న నియమం. ఒకరోజు ఆమెది ఏడున్నర దాకా రాలేదు. నేను హాస్టల్‌కు బయల్దేరబోతుంటే వచ్చింది, "సారీ మేడమ్, కరెంటు పోయింది" అని. మూడో వారం గడిచింది, నాలుగోదీ గడిచింది. కారు రాలేదు, ఫిర్యాదు పడలేదు. పుస్తకంలో అభ్యంతరమన్న గడి ఖాళీగానే ఉంది.

గడువు ముగిసిన మర్నాడు ఇద్దరూ వచ్చారు. ఈసారి గుమ్మంలో ఆగలేదు. అమ్మాయి జడలో మల్లెపూలు ఉన్నాయి. అబ్బాయి చేతిలో బందరు లడ్డూల డబ్బా ఉంది. దాన్ని బల్లమీద పెట్టి, నాకు ఒకటి తీసిచ్చి, "ముందు మీకే మేడమ్" అన్నాడు. ఆ డబ్బా చూడగానే నా మనసు తేలికపడింది. బందరు నుంచి మిఠాయి వచ్చిందంటే అక్కడి తలుపు తెరుచుకున్నట్టే కదా అనుకున్నాను.

పెళ్లికి వచ్చే వారంలో రోజు ఖాయం చేసుకున్నారు. ఈలోగా తాంబూలాలు లేని తమ నిశ్చితార్థం గురించి స్నేహితులకూ, ఆఫీసువాళ్లకూ, తెలిసినవాళ్లందరికీ ఫోన్లో ఒక ప్రకటన పెట్టాలనుకున్నారట. నెల రోజులుగా అది రాసుకుంటూ, కొట్టేసుకుంటూ ఉన్నారు. ఇద్దరూ ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్లు, తెలుగులో తప్పులుంటే నేను దిద్దాలి. ఫోన్ నా చేతికిచ్చి ఇద్దరూ చెరో గోడవైపు చూస్తూ కూర్చున్నారు.

కింద ఒక ఫోటో ఉంది. ప్రకాశం బ్యారేజి దగ్గర ఎవరో తీసినట్టున్నారు. ఇద్దరి మధ్యా ఇంకో మనిషి పట్టేంత దూరం, ఇద్దరి చూపులూ నేలమీద, ఇద్దరి పెదవుల మీదా ఆపుకోలేని నవ్వు. పైన ఇలా రాసుకున్నారు.

"మీ అందరికీ ఒక మాట చెప్పాలి. చెప్పడానికి ఇద్దరికీ సిగ్గుగానే ఉంది. మేమిద్దరం పెళ్లి చేసుకోబోతున్నాం. పెద్ద హంగామా ఏమీ లేదు, వచ్చే వారం రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు, సాయంత్రం అందరికీ టిఫిను. మీరు వస్తే మాకు చాలా సంతోషం. ఈ నెల రోజుల్లో మా రెండు కుటుంబాలూ మాకు చేసిన మేలును బతికినంత కాలం మరిచిపోం. వాళ్లకు మా కృతజ్ఞతలు."

నేను ఆ చివరి వాక్యాన్ని మళ్లీ చదివాను. ఆ నెల రోజులూ నేను పడ్డ భయం గుర్తొచ్చి కళ్లు చెమ్మగిల్లాయి. బోర్డు ముందు అంతసేపు నిలబడిన ఆ తండ్రి మనసులో ఏం కదిలిందో, అన్నం మానేసిన ఆ తల్లిని ఎవరు ఒప్పించారో. "ఒక్క అక్షరం కూడా దిద్దక్కర్లేదు, ఇలాగే పెట్టండి" అని ఫోన్ తిరిగి ఇచ్చేశాను.

పెళ్లి రోజున ఏం జరుగుతుందో చెప్పాను. ముందు అధికారి ఎదుట ఒక ప్రమాణ పత్రం ఉంటుంది. దాని మీద ఇద్దరూ, వాళ్లతోపాటు ముగ్గురు సాక్షులూ సంతకం చేయాలి. తర్వాత, నిన్ను నా భార్యగా స్వీకరిస్తున్నానని అతనూ, నిన్ను నా భర్తగా స్వీకరిస్తున్నానని ఆమే, ఇద్దరికీ అర్థమయ్యే భాషలో ఒకరితో ఒకరు చెప్పుకోవాలి. ఆ మాట పైకి, వినపడేలా చెప్పాలి అన్నాను. అమ్మాయి రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

"సాక్షులుగా ఎవర్ని తెస్తున్నారు?" అని అడిగాను.

"ఆఫీసులో స్నేహితులు ముగ్గురు ఒప్పుకున్నారండి" అన్నాడు అబ్బాయి.

"స్నేహితులెందుకు బాబూ? నాన్నగార్లు ఇద్దరూ, మీ అమ్మగారూ, సరిగ్గా ముగ్గురు ఉన్నారుగా. సర్టిఫికెట్ మీద వాళ్ల సంతకాలు ఎప్పటికీ ఉండిపోతాయి. చూసుకోవడానికి ఎంత బావుంటుంది!"

అబ్బాయి లడ్డూ డబ్బా మూత సరిగ్గా మూసి, దాని మీదున్న బెసెంట్ రోడ్డు మిఠాయి కొట్టు చీటీని గోటితో గీరుతూ కూర్చున్నాడు.

"వాళ్లను పిలవలేదా?" అన్నాను. "అంత మేలు చేశారని రాసుకున్నారు కదమ్మా, మరి పిలవకపోతే ఎలా? ఇంతకీ ఏం చేశారు వాళ్లు?"

అమ్మాయి తలెత్తి నవ్వింది. మొదటిరోజు ఎంత సంతోషంగా నవ్విందో అంత సంతోషంగానూ నవ్వింది.

"రాలేదు మేడమ్" అంది, "మమ్మల్ని తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు."